“రాలేదు”లో ‘లేదు’ ఎక్కడికి పోయింది? (7వ భాగం)

గత భాగంలో హాస్టల్ పిల్లల లేఖల గురించి రాసి, వాటిని పట్టికలోకి ఎట్లా ఎక్కించామో వచ్చే వారం చెప్తానని ఆపాను. అప్పటి నుంచి ఇన్‌బాక్స్‌లో ఒకటే ప్రశ్న. “అక్కా, నలభై రెండు లేఖలు. ఏదో ఒక ఆన్‌లైన్ ఏఐలో పడేస్తే పది నిమిషాల పని కదా?”

అవును, పది నిమిషాల పనే. కానీ ఆ లేఖల్లో పిల్లల పేర్లు ఉన్నాయి, ఊర్లు ఉన్నాయి. మెస్ బిల్లు అడిగితే ఎవరు ఏమని తిట్టారో ఉంది. ఆ తిట్లలో కులం పేరు కూడా ఉంది. రాసిచ్చే ముందు ఒక పాప నా చెయ్యి పట్టుకొని, “అక్కా, ఇది బయటికి పోదు కదా?” అని అడిగింది. “నా లాప్‌టాప్ దాటదు” అని మాటిచ్చాను. ఎవరిదో కంపెనీ సర్వర్‌కి పంపితే ఆ మాట అక్కడే పోయినట్టు. కాబట్టి మోడలే నా లాప్‌టాప్‌లోకి రావాలి. ఈ భాగం దాని గురించే. ఓపిగ్గా చదవండి, లెక్కలు కొన్ని ఉన్నాయి. భయపడేవి కావు.

కొన్ని కంపెనీలు తమ భాషా మోడల్‌ని ఫైలుగా ఇచ్చేస్తాయి. దించుకొని, ఇంటర్నెట్ ఆపేసి, మన మెషీన్ మీదే నడుపుకోవచ్చు. వీటిని ఓపెన్ వెయిట్ మోడళ్లు అంటారు. ఏ పాఠాలు చదివించి తయారుచేశారో మనకు ఇవ్వరు. చదివాక మిగిలిన సంఖ్యలు మాత్రం ఇస్తారు. ఆ సంఖ్యలే వెయిట్లు. నడపడానికి నేను వాడింది `llama.cpp`. జార్జి గెర్గానోవ్ అనే ప్రోగ్రామర్ 2023లో మొదలుపెట్టిన ఉచిత ప్రోగ్రామ్ ఇది. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. నాది సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు.

మొదట అందరూ చెప్పిన లామా 3.1 దించాను. పేరు పక్కన 8B అని ఉంటుంది. అందులో దాదాపు 803 కోట్ల సంఖ్యలు ఉన్నాయని అర్థం. మామూలుగా ఒక్కో సంఖ్యను 16 బిట్లలో, అంటే 2 బైట్లలో దాస్తారు. 803 కోట్లను రెండుతో గుణిస్తే 1,606 కోట్ల బైట్లు. వంద కోట్ల బైట్లు ఒక జీబీ అనుకుంటే 16 జీబీ. నా ర్యామ్‌కు రెండింతలు. అందుకే ఆ సంఖ్యలను కుదించాలి. ఆ కుదింపు పేరే క్వాంటైజేషన్.

కుదించడమంటే సంఖ్యలను తీసేయడం కాదు, కొలతను మొరటు చేయడం. మన ఇళ్లల్లో పెద్దవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కూలికి గింజలు కొలిచేటప్పుడు గిద్ద, సోల, మానిక ఉంటే ఎంత పనికి అంత కొలవచ్చు. కొలిచేవాడి దగ్గర మానిక ఒక్కటే ఉంటే, మానిక నిండనిది లేనట్టే లెక్క.

మోడల్‌లో జరిగేది చూడండి. 32 సంఖ్యలను ఒక గుంపుగా తీసుకుంటారు. ఆ గుంపుకంతా కలిపి ఒక కొలపాత్ర పెట్టి, ప్రతి సంఖ్యను “ఇన్ని పాత్రలు” అని పూర్ణాంకంగా రాస్తారు. ఒక గుంపులో 0.11, -0.42, 0.03, 0.70 ఉన్నాయనుకోండి. 4 బిట్లు ఇస్తే 16 మెట్లు దొరుకుతాయి. కొలపాత్ర 0.1 అయితే ఇవి 1, -4, 0, 7 అవుతాయి. తిరిగి విప్పితే 0.1, -0.4, 0, 0.7. కొద్దిగా అరిగాయి, అంతే. అదే 2 బిట్లు ఇస్తే నాలుగే మెట్లు. పెద్ద సంఖ్య పట్టాలి కాబట్టి కొలపాత్ర 0.7 చేయాల్సి వస్తుంది. అప్పుడు 0.11 సున్నా అయిపోతుంది, -0.42 వెళ్లి -0.7 అవుతుంది. గుంపులో ఒక్క పెద్ద సంఖ్య ఉంటే చాలు, చిన్నవన్నీ మాయం. అసలు పద్ధతులు ఇంతకంటే తెలివైనవే గానీ నష్టం వచ్చే దారి మాత్రం ఇదే.

ఫైలు పేర్లలో కనిపించే `Q8_0`, `Q4_K_M`, `Q2_K` ఇవే. అంకె దాదాపుగా బిట్ల సంఖ్య. దాదాపుగా అని ఎందుకంటే కొలపాత్ర కొలతను కూడా ఎక్కడో రాసుకోవాలి కదా. `Q8_0`లో 32 సంఖ్యలకు ఒక 16 బిట్ల కొలత తోడవుతుంది, అందుకే ఒక్కో సంఖ్యకు ఎనిమిదిన్నర బిట్లు. `Q4_K_M` ఇంకో పని చేస్తుంది. దెబ్బ తగిలితే ఎక్కువ చెడే కొన్ని భాగాలకు 6 బిట్లు ఇచ్చి, మిగతావాటిని 4కి దించుతుంది. ఈ మోడల్‌లో సగటు 4.9 బిట్ల దగ్గర తేలుతుంది. ఇక లెక్క మీరే వేసుకోవచ్చు: సంఖ్యలు ఎన్ని కోట్లో చూసి, బిట్లతో గుణించి, 8తో భాగించండి. లామా 3.1 8B `Q8_0`లో 8.5 జీబీ, `Q4_K_M`లో 4.9 జీబీ.

నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. “8 జీబీ ర్యామ్, 8.5 జీబీ ఫైలు. అర జీబీయేగా తేడా, ఎట్లనో సర్దుకుంటది” అనుకొని `Q8_0` దించాను. ప్రోగ్రామ్ ఏ ఎర్రర్ లేకుండా తెరుచుకుంది. ప్రశ్న వేశాను. ఒక ముక్క వచ్చింది. టీ పెట్టుకొని వచ్చేసరికి ఇంకో నాలుగైదు ముక్కలు. పక్కన కూర్చున్న తమ్ముడు, “అక్కా, ఇది ఆలోచిస్తుందా, సచ్చిపోయిందా?” అన్నాడు.

రెండూ కాదు. జరిగింది ఏమిటంటే, మోడల్ ప్రతి ముక్క పలకడానికి ముందు తన వెయిట్లన్నింటినీ మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చదవాలి. `llama.cpp` ఫైలును మొత్తంగా ర్యామ్‌లోకి ఎక్కించదు, అవసరమైన పేజీని అప్పటికప్పుడు డిస్క్ నుంచి తెచ్చుకుంటుంది. అందుకే ఎర్రర్ రాలేదు. కానీ సిస్టమ్‌కీ బ్రౌజర్‌కీ పోను ర్యామ్‌లో నాకు మిగిలింది 5 జీబీ. ఫైలు చివరికి చేరేసరికి, చోటు కోసం మొదటి పేజీలు బయటికి తోసేయబడతాయి. మళ్లీ మొదటి నుంచి చదవాలంటే అవి లేవు. వాటిని తెస్తే తర్వాతవి పోతాయి. కాబట్టి పట్టనిది మూడున్నర జీబీయే అయినా, దాదాపు ఫైలంతా ప్రతి ముక్కకూ డిస్క్ నుంచే వస్తుంది. నా పాత సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు సుమారు అర జీబీ చదువుతుంది. 8.5 జీబీకి 17 సెకన్లు. ఒక్క ముక్కకు! గుర్తుపట్టడం సులువు: సీపీయూ ఖాళీగా ఉంటుంది, డిస్క్ మాత్రం ఆగకుండా చదువుతూ ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో ఇట్లా కనిపిస్తే మోడల్ మీ ర్యామ్‌లో పట్టలేదని అర్థం. అరగంట ఎదురుచూసినా లాభం లేదు, చిన్న ఫైలు తెచ్చుకోండి.

నేనూ `Q4_K_M` తెచ్చుకున్నాను. బ్రౌజర్ మూసేశాను. నడిచింది. సెకనుకు నాలుగు ముక్కల దాకా వచ్చాయి. ఈ వేగానికి కూడా లెక్క ఉంది. నా లాప్‌టాప్‌లో ఒకే ర్యామ్ కర్ర. దాని నుంచి సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ చదవచ్చు. ప్రతి ముక్కకూ 4.9 జీబీ చదవాలి కాబట్టి సెకనుకు ఐదు ముక్కలు దాటవు. చాలామంది ప్రాసెసర్ కొనాలని చూస్తారు. ఇక్కడ ఆపేది ప్రాసెసర్ కాదు, ర్యామ్ నుంచి డేటా వచ్చే దారి.

తర్వాత పొడుగాటి లేఖ ఒకటి పెట్టాను. మళ్లీ డిస్క్ దీపం మొదలు. ఈసారి కారణం వేరు. మోడల్ తాను చదివిన ప్రతి ముక్కకూ ఒక జ్ఞాపకం రాసుకుంటుంది. అది వెయిట్లతో సంబంధం లేకుండా వేరే ర్యామ్ అడుగుతుంది. లామా 3.1 8Bలో ఒక్కో ముక్కకు 128 కేబీ. కాంటెక్స్ట్ 8,192 ముక్కలు అని పెడితే సరిగ్గా 1 జీబీ. ఆ మోడల్ పట్టగలనని చెప్పుకునే 1,28,000 ముక్కలూ కావాలంటే దాదాపు 16 జీబీ, వెయిట్లకు మూడింతలకు పైగా! ఫైలు సైజు చూసి ర్యామ్ సరిపోతుందనుకోకండి. ఫైలు, దానిపైన ఈ జ్ఞాపకం, ఆపైన సిస్టమ్‌కి రెండు మూడు జీబీ. ఈ మూడూ కలిపి చూసుకోవాలి.

ఇంతవరకు ర్యామ్ గోల. అసలు దెబ్బ తెలుగు దగ్గర తగిలింది.

లామా 3.1 అధికారికంగా ఎనిమిది భాషలకు సిద్ధం చేసిన మోడల్. వాటిలో హిందీ ఉంది, తెలుగు లేదు. తెలుగు అర్థమవుతుంది గానీ మన మాటను అది తుంపులు తుంపులు చేసి చదువుతుంది. ఇంగ్లీషులో ఒక మాట చాలాసార్లు ఒకటే ముక్క. తెలుగులో ఒక్క మాట చాలా ముక్కలవుతుంది. అంటే అదే లేఖకు జ్ఞాపకం ఎక్కువ, సమయం ఎక్కువ. అదే లాప్‌టాప్, అదే కరెంటు, కానీ తెలుగులో అడిగినందుకు ఎక్కువ కట్టాలి. ఈ పన్ను మీద ఎక్కడా బిల్లు రాదు.

అందుకని గూగుల్ 2025లో ఇచ్చిన జెమ్మా 3కి మారాను. దాని పదకోశం పెద్దది, తెలుగును ఇంతగా తుంచదు. అందులో 4B, 12B రెండు సైజులు చూశాను. ఈలోపు ఒక మిత్రుడు తన పాత లాప్‌టాప్ నుంచి 8 జీబీ ర్యామ్ కర్ర తీసిచ్చాడు. మొత్తం 16 అయింది. అంతకన్నా మేలు ఏమిటంటే, రెండు కర్రలు ఉంటే రెండు దారుల్లో చదువుతుంది, గరిష్ఠ వేగం 51.2 జీబీ అవుతుంది. మీ లాప్‌టాప్‌లో రెండో స్లాట్ ఖాళీగా ఉంటే ముందు ఖర్చు పెట్టాల్సింది అక్కడే.

ఇప్పుడు అసలు ప్రశ్న. నాలుగైదు జీబీ చోటే ఉందనుకోండి. చిన్న 4B మోడల్‌ను 8 బిట్లలో పెట్టుకోవచ్చు, 4.1 జీబీ. లేదా పెద్ద 12B మోడల్‌ను 2 బిట్లకు పిండి పెట్టుకోవచ్చు, 4.8 జీబీ. ఏది మంచిది? నేను మనుషుల మాట వినకుండా మా లేఖలనే అడిగాను. ఇరవై లేఖలు తీసి, మేమే చేత్తో జవాబులు రాసుకున్నాం: ఏమి రాలేదు, ఎప్పటి నుంచి, ఎంత, ఎవరిని అడిగారు. తర్వాత ప్రతి ఫైలుతో అదే పని చేయించి పక్కపక్కన పెట్టాం. ప్రతిసారి ఒకే జవాబు రావాలని `--temp 0` పెట్టాను.

```
llama-cli -m gemma-3-12b-it-Q4_K_M.gguf -c 4096 -t 4 --temp 0 -st -f lekha01.txt
```

12B రెండు బిట్ల ఫైలు తెలుగు నిండుగా రాసింది. తడబాటు లేదు, వాక్యం అందంగా ఉంది. ఒక లేఖలో పాప ఇట్లా రాసింది: “జూన్ నుంచి మెస్ బిల్లు రాలేదు, ఆగస్టులో మాత్రం సగం వచ్చింది.” మోడల్ పట్టికలో రాసింది: “జూన్ నుంచి మెస్ బిల్లు వచ్చింది, ఆగస్టులో సగం.”

నేను దాన్ని మూడుసార్లు చదివాను. ‘లేదు’ పోయింది. తెలుగులో కాదనే మాట క్రియ చివర అతుక్కొని ఉంటుంది. ఇవ్వలేదు, రాలేదు, చెప్పలేదు. ఆ చిన్న తోక పోతే ఫిర్యాదు కాస్తా సర్టిఫికెట్ అవుతుంది. ఆ పట్టికను అట్లాగే అధికారి ముందు పెట్టి ఉంటే, “మీ పిల్లలే వచ్చిందని రాశారు కదమ్మా” అని మా కాగితంతోనే మా నోరు మూసేవాడు. ఇంకొన్ని చోట్ల పదిహేను పదిహేడైంది, రెండు లేఖల్లో తెలుగు మధ్యలో కన్నడ అక్షరాలు దూరాయి, ఒక లేఖలో ఒకే మాట తిరిగి తిరిగి ఆగలేదు. అక్షరాలు కలిసిపోవడం, మాట తిరగడం కంటికి కనిపించే జబ్బులు. ‘లేదు’ పోవడం కనిపించని జబ్బు.

4B ఎనిమిది బిట్ల ఫైలు వేరే రకంగా తప్పింది. తేలిక లేఖలు శుభ్రంగా తీసింది. రెండు విషయాలు మెలిపడిన వాక్యం వస్తే ఒకటి వదిలేసింది. అయినా రెండు బిట్ల పెద్దదాని కంటే నమ్మదగ్గది. 12B నాలుగు బిట్ల ఫైలు, 7.3 జీబీ, ఈ రెండింటి కంటే స్పష్టంగా మెరుగు. అదే మోడల్ ఎనిమిది బిట్ల ఫైలు 12.5 జీబీ. దాన్ని కూడా కష్టపడి నడిపించి చూశాను. నాలుగు బిట్ల దానికీ దానికీ మా లేఖల మీద తేడా వెతకాల్సి వచ్చింది. మా ఇరవై లేఖలు చెప్పింది ఇదీ: మోడల్‌ను నాలుగు బిట్ల దాకా దించితే పోయేది తక్కువ, కాబట్టి నాలుగు బిట్లలో మీ ర్యామ్‌కు పట్టే అతి పెద్ద మోడల్ తీసుకోండి. అంతకంటే దించాల్సి వస్తే చిన్న మోడల్‌కు మారండి. నాలుగు కింద మెట్టు మెట్టుకూ నష్టం పెరుగుతుంది.

ఇంగ్లీషు గైడ్లు కూడా దాదాపు ఇదే చెబుతాయి. కానీ వాళ్లు “తేడా తెలియదు” అన్నప్పుడు ఏ భాషలో తెలియదో అడగండి. 2024లో కోహియర్ పరిశోధకులు ఇదే ప్రశ్న పట్టుకున్నారు. క్వాంటైజేషన్ దెబ్బ భాషలన్నింటికీ సమానంగా తగలదనీ, లాటిన్ లిపి కాని భాషలకు ఎక్కువ తగులుతుందనీ చూపించారు. ఇంకో సంగతి నన్ను ఎక్కువ కదిలించింది. జపనీస్‌లో యంత్రం వేసే పరీక్షల్లో సగటు నష్టం 1.7 శాతమే కనిపించింది. మనుషులు కూర్చొని జవాబులు చదివితే అది 16 శాతం.

దీనికి ఒక కారణం నాకు ఫైళ్ల తయారీలోనే కనిపించింది. చాలా కుదింపు ఫైళ్లకు ముందుగా కొంత పాఠం చదివించి, ఏ సంఖ్యలు ఎక్కువ పనిచేస్తున్నాయో చూసి, వాటిని జాగ్రత్తగా కుదిస్తారు. ఆ పాఠం తరచూ ఎక్కువ భాగం ఇంగ్లీషే. తెలుగు చదివేటప్పుడు మాత్రమే లేచే సంఖ్యలు ఆ రోజు హాజరులో లేవు. హాజరు లేనివాళ్ల వాటా ముందు కోస్తారు. ఎవరూ కావాలని చేసింది కాదు, పగ ఏమీ లేదు. లెక్కపెట్టే చోట మనం లేకపోతే ఏమవుతుందో మనకు కొత్త కాదు కాబట్టి ఇక్కడా త్వరగా గుర్తుపట్టగలిగాను.

మరి మేం ఏం చేశాం? 12B `Q4_K_M` తీసుకున్నాం. అది కూడా తప్పుతుంది కాబట్టి దాన్ని నమ్మకుండానే పని చేయించుకునే పద్ధతి పెట్టాం. ప్రతి గడికీ పక్కన, లేఖలోని ఏ వాక్యం చూసి అది నింపావో ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తిరాయమన్నాం. ఆ వాక్యం నిజంగా లేఖలో ఉందో లేదో చూడటానికి ఏఐ అక్కర్లేదు, మామూలు వెతుకులాట చాలు.

```
grep -cF "జూన్ నుంచి మెస్ బిల్లు రాలేదు" lekha01.txt
```

సున్నా వస్తే మోడల్ ఆ వాక్యాన్ని సొంతంగా అల్లింది. ఆ లేఖ పక్కన పెట్టి మనిషే చదవాలి. సున్నా కాకపోతే వాక్యం నిజమే, కానీ దాన్ని తప్పుగా అర్థం చేసుకొని ఉండొచ్చు. అందుకే ఎత్తిరాసిన వాక్యాన్నీ గడినీ పక్కపక్కన పెట్టి ఇద్దరు విద్యార్థులు చదివారు. ఒకరు గట్టిగా చదవాలి, ఒకరు టిక్కు పెట్టాలి. ‘లేదు’ ఉన్న ప్రతి వాక్యం రెండుసార్లు. వైఫై ఆపేసి రాత్రంతా నడిపితే పొద్దునకు నలభై రెండు లేఖలూ అయ్యాయి. చదివి సరిచూడటానికి ఇంకో పూట పట్టింది. చేత్తో మొదటి నుంచి చేస్తే నాలుగు రోజుల పని.

పది నిమిషాలు కాదు, ఒక రాత్రీ ఒక పూటా. ఆ తేడాయే పాపకిచ్చిన మాట ఖరీదు. లాప్‌టాప్‌లోనే ఉన్నా ఎవరైనా లాప్‌టాప్ ఎత్తుకుపోవచ్చు కదా అని అడుగుతారు. నిజమే. డిస్క్‌కు తాళం ఎట్లా వేయాలో, పేర్లున్న ఫైలును పట్టిక నుంచి ఎట్లా విడదీశామో వచ్చే భాగంలో రాస్తాను. ఈలోపు మీరు మోడల్ పెట్టుకుంటే, ముందు మీ ఊరి కాగితం ఒకటి, “లేదు” ఉన్నది, ఇచ్చి చూడండి. అది ఏం చేసిందో కామెంట్‌లో రాయండి. పేర్లు మాత్రం రాయకండి.

జై భీమ్.